పన్నెండు కిలోలన్న మాట ఎక్కడ రాయాలి?

మా పిన్ని కొడుకు కావలిలో ఉదయగిరి రోడ్డు వైపు గానుగ పెట్టుకున్నాడు. మోటారుతో తిరిగే కొయ్య గానుగ. ప్రారంభానికి పది రోజుల ముందు మధ్యాహ్నం పూట వచ్చి, నాలుగు మడతలు పెట్టిన తెల్లకాగితం నా టేబుల్ మీద పెట్టాడు.

"అన్నా, ఇది పేపర్లో రావాల. ఇదే పాంప్లెట్ కూడా కొట్టేద్దాం. ఒకే మ్యాటరు, రెండు పనులూ అయిపోతాయి."

నేను ఏడేళ్లు ఒక దినపత్రికకు కావలి కంట్రిబ్యూటర్‌గా తిరిగాను. తర్వాత నాలుగేళ్లు నెల్లూరు డెస్క్‌లో కూర్చున్నాను. ఇప్పుడు డీటీపీ సెంటర్ నడుపుకుంటున్నాను. ప్రెస్‌నోట్లు కోసి పారేసిన చెయ్యీ ఇదే, పాంప్లెట్లు రాసి డబ్బులు తీసుకుంటున్న చెయ్యీ ఇదే. అందుకని ప్రచారం భాషంటే నాకేమీ చిన్నచూపు లేదు. దాని మీదే ఇంటి అద్దె కడుతున్నాను. కానీ "ఒకే మ్యాటరు, రెండు పనులు" అన్న మాట దగ్గర మాత్రం వాడితో గంటన్నర వాదించాను. ఆ గంటన్నర గురించే ఈ వ్యాసం.

వాడు రాసుకొచ్చిన మొదటి వాక్యం ఇది. ఒక్క అక్షరం మార్చకుండా ఇస్తున్నాను.

"ఆరోగ్యమే మహాభాగ్యం అన్న పెద్దల మాటను దృష్టిలో ఉంచుకొని, కల్తీ నూనెలతో విసిగి వేసారిన కావలి పట్టణ మరియు పరిసర ప్రాంత ప్రజలకు స్వచ్ఛమైన, అచ్చమైన, నాణ్యమైన గానుగ నూనెను పూర్వీకుల పద్ధతిలో, అత్యాధునిక యంత్రాలతో అందించాలనే సత్సంకల్పంతో జిల్లాలోనే మొట్టమొదటిసారిగా మీ ముందుకు వస్తున్నామని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము."

చదివి, "ఇందులో నాకు తెలిసిందేంది?" అని అడిగాను. వాడు నవ్వాడు. నేను వేళ్ల మీద లెక్కపెట్టి చూపించాను. కావలి, గానుగ నూనె. ముప్ఫై మాటలు దాటిన వాక్యంలో మిగిలింది ఈ రెండే. పూర్వీకుల పద్ధతీ, అత్యాధునిక యంత్రమూ పక్కపక్కనే కూర్చున్నాయి, అది వేరే సంగతి.

డెస్క్‌లో నాకు పని నేర్పిన సీనియర్ ఒకాయన ప్రెస్‌నోట్ చేతికి రాగానే ఒక పని చేసేవాడు. నోట్‌లో ఉన్న షాపు పేరు కొట్టేసి దాని ఎదురు షాపు పేరు పెట్టి చదివేవాడు. వాక్యం అప్పుడు కూడా చక్కగా నడిచిందంటే దాన్ని తీసేసేవాడు. తమ్ముడి వాక్యాన్ని అట్లా చదివి చూడండి. గానుగ తీసేసి పాల కేంద్రం పెట్టినా, మినరల్ వాటర్ ప్లాంటు పెట్టినా, చివరికి దంత వైద్యశాల పెట్టినా రెండు మాటలు మారిస్తే సరిపోతుంది. వార్త మొదటి వాక్యాన్ని మా వాళ్లు ఇంట్రో అంటారు. ఇంట్రోకి ఉండాల్సిన గుణం దీనికి సరిగ్గా ఎదురు. అది ఒక్క షాపుకే, ఒక్క రోజుకే అతకాలి. ఇంకొకరికి పెడితే అబద్ధమైపోవాలి.

అబద్ధమైపోవడమనే మాట నేను ఊరికే అనలేదు. "14వ తేదీ ఆదివారం మొదలవుతుంది" అని రాస్తే, ఆ రోజు షట్టరు మూసి ఉంటే అది తప్పని ఎవరైనా చెప్పగలరు. "నాణ్యమైన నూనె అందిస్తాం" అన్నదాన్ని తప్పని ఎవరు చెప్పగలరు, ఏం చూపించి చెప్పగలరు? తప్పయ్యే దారి లేని వాక్యం నిజం కూడా కాదు, మాట మాత్రమే. పత్రికవాడు దాన్ని కొట్టేసేది షాపతని మీద అనుమానంతో కాదు. తను పూచీ పడటానికి అందులో ఏమీ లేక.

సరే, మరి ఈ కాగితంలో వార్త ఎక్కడుంది? వాడు రాసినదాంట్లో పైకి కనబడదు. వాణ్ణి అడగాలి.

"ఏముందన్నా, షాపు పెడుతున్నా, నూనె అమ్ముతా."

"నూనె అమ్మే షాపులు ట్రంకు రోడ్డు పొడుగునా ఉన్నాయి. నీ దగ్గరికే ఎందుకు రావాల?"

కాసేపు స్వచ్ఛత గురించే చెప్పాడు. తర్వాత మెల్లగా అసలు విషయం బయటపడింది. బోగోలు, జలదంకి వైపు నుంచి ఎవరైనా వాళ్ల వేరుశనగ గుళ్లు వాళ్లే తెచ్చుకుంటే, వాళ్ల కళ్ల ముందే గానుగ ఆడించి నూనె పోసి ఇస్తాడట. ఇది కాగితంలో ఎక్కడుందని వెతికితే వెనక పక్క చివర్లో ఉంది. "ఎంత తెచ్చినా ఉచితంగా ఆడించి ఇవ్వబడును. త్వరపడండి!"

అక్కడ ఆగాను. పేజీ మొత్తానికీ బతికున్న వాక్యం ఇదొక్కటే. అందులో రెండు మాటలు అబద్ధం.

"రెండు కిలోలు తెస్తే ఆడతావా?"

"రెండు కిలోలకి రోకలి పట్టదన్నా. రోటిలో కింద తిరగతానే ఉంటది, నూనె దిగదు."

"మరి ఎంత కావాల?"

"నా గానుగకి పన్నెండు కిలోలన్నా పడాల ఒక వాయికి."

ఇదీ సంగతి. గానుగ సైజును బట్టి మారుతుంది గానీ, ప్రతి గానుగకీ వాయికి ఇంత పడాలన్న లెక్క ఒకటుంటుంది. గుళ్లు తక్కువైతే రోకలికీ రోటికీ మధ్య ఒత్తిడి రాదు. ఒత్తిడి రాకపోతే ముద్ద కట్టదు, నూనె వేరుపడదు. అంటే "ఎంత తెచ్చినా" అన్నది రాసినవాడికి ఉత్సాహం, రెండు కిలోల సంచీ పట్టుకుని జలదంకి నుంచి బస్సెక్కి వచ్చిన ముసలమ్మకు మోసం. మావాడికి మోసం చేసే ఉద్దేశం లేదు. పాంప్లెట్ భాష చెయ్యి పట్టుకుని వాడి చేత అలా రాయించింది. ఆ భాషలో "ఎంత తెచ్చినా" అన్నది పరిమాణం కాదు, ఆదరంగా పలకరించే పద్ధతి. వార్త వాక్యంలోకి వచ్చేసరికి అదే మాట పరిమాణం అయి కూర్చుంటుంది.

రెండోది "ఉచితం". దీని దగ్గర ఇంకా సేపు పట్టింది.

"నిజంగా ఫ్రీయేనా?"

"ఫ్రీయేనన్నా. చెక్క మాత్రం మనకి వదిలేయాల."

నూనె దిగాక మిగిలే పిప్పిని చెక్క అంటారు. పశువుల దాణాకు పోతుంది, దానికి మంచి గిరాకీ. లెక్క వేయండి. కొయ్య గానుగలో వేరుశనగ గుళ్ల బరువులో సుమారు 40 శాతం నూనెగా దిగుతుంది. గింజను బట్టి, తేమను బట్టి కొంచెం అటూ ఇటూ. పన్నెండు కిలోలకు ఐదు కిలోలకు కాస్త తక్కువ. లీటరు నూనె కిలో కన్నా తేలిక, సుమారు 910 గ్రాములు ఉంటుంది కాబట్టి ఐదు లీటర్లు దాటుతుంది. పోయింది పోగా ఏడు కిలోల చెక్క మిగులుతుంది. ఇంట్లో గేదె ఉన్నవాడికి ఆ ఏడు కిలోలు డబ్బే. గేదె లేనివాడికి బరువు. చెక్క ఇంటికి తీసుకెళ్తానంటే కిలో గుళ్లకు 20 రూపాయల కూలి, అంటే వాయికి 240, తీసుకోవాలని వీడి ఆలోచన. వదిలేస్తే కూలి లేదు.

ఇది ఉచితం కాదు, మార్పిడి. కూలి బదులు చెక్క. పైగా పాత పద్ధతే, ఊళ్లలో అందరికీ అర్థమయ్యే న్యాయమైన బేరం. దాన్ని ఉన్నదున్నట్టు చెబితే వినేవాడు తన గేదెను తలుచుకుని అక్కడికక్కడే లెక్క తేల్చుకుంటాడు. "ఉచితం" అని చెబితే షాపుకొచ్చాక చెక్క దగ్గర గొడవ పడతాడు. చట్టం మాట కూడా ఇదే. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో తెచ్చిన మార్గదర్శకాల్లో ఉచితం పేరుతో చేసే ప్రకటనలకు ప్రత్యేకంగా నిబంధన ఉంది. ప్రకటనకు స్పందించడానికి, సరుకు తెచ్చుకోవడానికి తప్పనిసరిగా అయ్యే ఖర్చు తప్ప ఇంకేదైనా చెల్లించాల్సి వస్తే దాన్ని ఉచితం అనకూడదు. మావాడి గానుగ మీదికి ఢిల్లీ నుంచి ఎవరూ రారు, నిజమే. కానీ ఆ నిబంధన రాసినవాడికీ, చెక్క అడిగే రైతుకీ వచ్చే సందేహం ఒకటే.

"జిల్లాలోనే మొట్టమొదటి" గురించి వాడితో పెద్దగా వాదించలేదు, నా కథ చెప్పానంతే. కంట్రిబ్యూటర్‌గా చేరిన కొత్తలో ఒక షాపు ప్రారంభం రాస్తూ, వాళ్లు చెప్పిన మాట నమ్మి "పట్టణంలో తొలిసారిగా" అని ఇంట్రోలోనే పెట్టాను. మర్నాడు పొద్దున ఆరున్నరకు ఫోన్. "నేను మూడేళ్లుగా అదే యాపారం చేస్తున్నా, నేను ఏ ఊళ్లో ఉన్నట్టు?" అని ఒకాయన. ఆయన షాపు మా ఆఫీసుకు నాలుగు వీధుల అవతలే. సవరణ వేయడానికి డెస్క్‌తో నేను పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. అప్పట్నుంచీ "మొదటి" అన్న మాట కనిపిస్తే ఎవరు లెక్కపెట్టారని అడుగుతాను. లెక్కపెట్టినవాడు లేకపోతే తీసేస్తాను, లేదా "నిర్వాహకులు చెప్పారు" అని చివర తగిలిస్తాను. పత్రికల్లో ఆ "చెప్పారు", "తెలిపారు" మర్యాద కోసం ఉండవు. ఈ మాటకు పూచీ మాది కాదు, ఆయనది అని ఒప్పజెప్పడానికి ఉంటాయి. అయితే అన్నిటికీ "తెలిపారు" తగిలిస్తే వార్త అయిపోతుందనుకోవడం పొరపాటు. "నాణ్యతే తమ ధ్యేయమని నిర్వాహకులు తెలిపారు" అన్నది పాంప్లెట్‌కు ఖద్దరు చొక్కా తొడగడమే.

నిజమై ఉండి కూడా పనికిరాని మాటలుంటాయి. వాడి కాగితంలో అలాంటిది ఒకటుంది, "కొలెస్ట్రాల్ లేని నూనె". వేరుశనగ నూనెలో కొలెస్ట్రాల్ లేదన్నది నిజమే. మొక్కల నుంచి తీసే నూనెల్లో అది దాదాపుగా ఉండదు. ఎదురు షాపు పామాయిల్‌లోనూ లేదు. మరి మనం చెప్పిందేంటి? దాని పక్కనే "గుండె జబ్బులు దరిచేరవు" అని కూడా రాశాడు. అది నేను చర్చ లేకుండా కొట్టేశాను. తినే సరుకు జబ్బు రానివ్వదని ప్రకటించడం మామూలు గొప్ప కాదు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006లోని 53వ సెక్షన్ కింద 10 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంది.

ఇంతదాకా విని తమ్ముడు, "సరే, వార్తలాగే రాద్దాం" అని కాగితం లాక్కుని తనే రాశాడు.

"కావలి పట్టణంలోని ఉదయగిరి రోడ్డులో నూతనంగా ఏర్పాటు చేసిన గానుగ నూనె దుకాణాన్ని ఆదివారం స్థానిక ఎమ్మెల్యే రిబ్బన్ కట్ చేసి, జ్యోతి ప్రజ్వలన గావించి ప్రారంభించారు."

అచ్చం పేపర్లో వచ్చినట్టే ఉంది. రోజూ జిల్లా పేజీల్లో చూసేది ఇదే కాబట్టి వాడు దీన్నే వార్త అనుకోవడంలో తప్పులేదు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏమిటి అన్నీ ఉన్నాయి. ఎదురు షాపు పేరు పరీక్షకు కూడా నిలబడుతుంది. అయినా నాకు పాంప్లెట్ కన్నా ఇదే ఎక్కువ చిరాకు. ఎందుకంటే వాక్యంలో పని చేసినవాడు ఎమ్మెల్యే, జరిగిన పని రిబ్బన్ కత్తిరించడం. గానుగ అందులో వేదిక మాత్రమే. గుళ్లు ఇంట్లో పెట్టుకుని కూర్చున్నవాడికి రిబ్బన్ కట్ అయితే ఏంటి, కాకపోతే ఏంటి? పైగా ఇది ప్రారంభం అయ్యాక వచ్చే వార్త. జనం రావలసిన రోజు అయిపోయాక వస్తుంది. మా రోజుల్లో కూడా ఇలాంటి వార్తలు ఎందుకు పడేవో అందరికీ తెలుసు. యాడ్ ఇచ్చిన షాపుకు ప్రారంభ వార్త కొసరు. డబ్బుకో, ఇంకేదైనా ప్రతిఫలానికో వచ్చే వార్తను పెయిడ్ న్యూస్ అంటారని ప్రెస్ కౌన్సిల్ 2010లో నివేదికే ఇచ్చింది. అది ఎక్కువగా ఎన్నికల వార్తల గురించి. మా జిల్లా పేజీలో సింగిల్ కాలమ్ కొసరుకు అంత పెద్ద పేరెందుకని మేమెవరం దాన్ని అలా పిలవలేదు.

అందుకని మూడోసారి నేను రాశాను. రాస్తుంటే తెలుగు వాక్యం నడక అడ్డం వచ్చింది. మనకు క్రియ చివర వస్తుంది. "ఉద్దేశంతో", "సంకల్పంతో", "దృష్టిలో ఉంచుకొని" అని ఎన్ని పెట్టెలైనా తగిలించుకుంటూ పోవచ్చు, ఇంజను మాత్రం రైలు చివర ఉంటుంది. వాడి మొదటి వాక్యంలో చదివేవాడు "సంతోషిస్తున్నాము" దాకా వస్తేగానీ ఏం జరుగుతోందో తెలియదు. వచ్చాక తెలిసేది వీళ్లు సంతోషిస్తున్నారని. కాబట్టి తెలుగులో ఇంట్రో అంటే ముఖ్యమైనది ముందు పెట్టడం ఒక్కటే కాదు, క్రియ దాకా ఒక్క ఊపిరిలో చదవగలిగేలా పొట్టిగా రాయడం కూడా. ఒక వాక్యానికి ఒక పని. ముందు చోటు ఎవరికివ్వాలన్నది తర్వాతి ప్రశ్న. షాపుకా, ఎమ్మెల్యేకా, గుళ్లు తెచ్చుకునేవాడికా? నేను గుళ్లవాడికి ఇచ్చాను.

"సొంత వేరుశనగ గుళ్లు తెచ్చుకున్నవారికి కళ్లెదుటే నూనె ఆడించి ఇచ్చే కొయ్య గానుగ కావలి ఉదయగిరి రోడ్డులో ఈ నెల 14వ తేదీ ఆదివారం మొదలవుతుంది. ఒక్కో వాయికి కనీసం 12 కిలోల గుళ్లు కావాలి. చెక్కను గానుగకే వదిలేస్తే కూలి ఉండదని, ఇంటికి తీసుకెళ్లేవారు కిలో గుళ్లకు 20 రూపాయల చొప్పున ఇవ్వాలని నిర్వాహకుడు తెలిపారు. ఉదయం 7 నుంచి సాయంత్రం 6 వరకు ఆడిస్తారు."

మొదట "చెక్క గానుగ" అనే రాశాను. మూడో వాక్యంలో చెక్క వచ్చేసరికి గానుగ చెక్కా, పిప్పి చెక్కా కలిసిపోయి, చదివితే గానుగనే విడగొట్టి ఇంటికి తీసుకెళ్తున్నట్టుంది. అందుకని "కొయ్య" చేశాను. తేదీ పక్కన వారం పెట్టడం పాత అలవాటు. ప్రెస్‌నోట్‌లో "రేపు" అని రాస్తే పేపర్లో పడే రోజుకి అది "ఈరోజు" అవుతుంది. డెస్క్‌లో ఎవరూ చూసుకోకపోతే జనం ఒక రోజు ఆలస్యంగా వస్తారు. వారం, తేదీ రెండూ ఉంటే ఒకటి తప్పైనా రెండోది పట్టిస్తుంది.

తమ్ముడు చదివి ముఖం చిట్లించాడు. "ఏందన్నా ఇది, పంచాయతీ నోటీసు మాదిరుంది. మన షాపు పేరే లేదు!"

రెండు అభ్యంతరాలూ సరైనవే. పేరు రెండో వాక్యంలోకి ఎక్కించాం. ఇక్కడ తీసేశాను, లేకపోతే ఈ వ్యాసం కూడా యాడ్ అవుతుంది. పత్రికలు చిన్న షాపుల పేర్లు తీసేసే మాట నిజమే. పేరును "ప్రముఖ", "సుప్రసిద్ధ" పక్కన పెడితే ఆ మాటలతో పాటే కోతకు పోతుంది. "వాయికి 12 కిలోలు" పక్కన పెడితే దాన్ని తీయాలంటే వాక్యం మొత్తం తిరగరాయాలి. రాత్రి తొమ్మిదిన్నరకు పేజీ వదలాల్సిన సబ్ ఎడిటర్‌కు అంత తీరిక ఉండదు. డెస్క్‌లో చోటు చాలకపోతే కోత కింది నుంచే మొదలవుతుంది కాబట్టి పోతే పోనీ అనుకున్నది చివర పెట్టాం, అంటే టైమింగ్స్.

పంచాయతీ నోటీసు లాగుందన్నది ఇంకా లోతైన మాట. వార్త వాక్యం ఎవరినీ పిలవదు. "మీ", "మా" ఉండవు, "రండి" ఉండదు. పెళ్లికి పిలిచేటప్పుడు ఫలానా తేదీన ఫలానా చోట పెళ్లి జరుగును అని మాత్రమే చెప్పి వెళ్లిపోతే ఎవరు వస్తారు? పిలుపులో ఒక మర్యాద ఉంది, చిన్న ఊళ్లో వ్యాపారానికి అది కావాలి. అందుకే పాంప్లెట్ వేరేగా కొట్టాం. దాని మీద వినాయకుడున్నాడు, "బంధుమిత్ర సపరివార సమేతంగా" ఉంది, "ఆరోగ్యమే మహాభాగ్యం" కూడా ఉంచాను, వాడికి అది ఇష్టం. కాకపోతే ఆ పాంప్లెట్‌లో కూడా మధ్యలో పెద్ద అక్షరాలతో పన్నెండు కిలోలూ, చెక్క బేరమూ వేశాం. "ఉచితం", "ఎంత తెచ్చినా" రెండూ పోయాయి. పలకరింపు ఎంత తియ్యగా ఉన్నా నాకు అభ్యంతరం లేదు. పలకరింపే బేరం చెబుతున్నట్టు నటిస్తేనే అభ్యంతరం.

ప్రెస్‌నోట్ నాలుగు ఆఫీసులకు ఇచ్చాడు. రెండు వేయలేదు. మూడోవాళ్లు ఎమ్మెల్యే వస్తారా అని అడిగి, రారంటే పక్కన పెట్టారు. నాలుగోవాళ్లు శనివారం జిల్లా పేజీలో కింద సింగిల్ కాలమ్‌లో వేశారు. నేను అనుకున్నట్టే టైమింగ్స్ వాక్యం పోయింది. మిగతావి షాపు పేరుతో సహా ఉన్నాయి. మా ప్రెస్‌నోట్‌లో హెడ్డింగ్ లేదు కాబట్టి డెస్క్‌వాళ్లే పెట్టుకున్నారు: "కావలిలో స్వచ్ఛమైన గానుగ నూనె".

మావాడి ఆనందానికి అంతులేదు. ఆ ముక్క కత్తిరించి లామినేషన్ చేయించి గల్లా పెట్టె వెనక అతికించాడు. మొన్న వెళ్లినప్పుడు చూశాను. హెడ్డింగ్ రోడ్డు మీదికి కనిపిస్తోంది, కింద ఉన్న చిన్న అక్షరాలు దగ్గరికి వస్తేగానీ కనబడవు. నేను ఉన్న అరగంటలోనే ఒకావిడ క్యారీబ్యాగ్‌తో వచ్చి గోడ వైపు చూసి, "అబ్బయ్యా, రెండు కిలోలు తెచ్చినా, ఆడతావా?" అని అడిగింది.